తలలో పేలు: షాంపూ ఒక్కసారి పోస్తే ఎందుకు పోవు?

కిందటి ఏడాది మన సొసైటీ దాతల్లో ఒకరు మా బడి ఆడపిల్లల కోసం ఒక పెట్టె నిండా పేల షాంపూ పొట్లాలు పంపారు. మేము సంతోషంగా అందుకున్నాం. ఒక ఆదివారం హాస్టల్ పిల్లలందరినీ వరుసలో నిలబెట్టి తలకొక పొట్లం చొప్పున పోయించాం. ఆ రోజు చచ్చిన పేలు కుప్పలుగా రాలాయి. ఇక బాధ తీరిందనుకున్నాం. పది పన్నెండు రోజులు గడిచేసరికి తరగతిలో మళ్లీ అవే చేతులు తలల్లోకి వెళ్లడం మొదలైంది. "మందులో పస లేదు" అని కొందరం అన్నాం. "ఈ పిల్లలకు శుభ్రత తెలియదు" అని ఇంకొందరం అన్నాం. రెండు మాటలూ తప్పేనని తెలుసుకోవడానికి మాకు ఒక విద్యా సంవత్సరం పట్టింది. ఆ సంగతే ఈ వ్యాసం.

ముందుగా మా తప్పు ఒప్పుకోవాలి. ఐదో తరగతిలో ఒక పాప ఉండేది. నడుము దాటిన జడ. తలలో పేలు కనబడ్డాయని ఆ పాపను వెనక బెంచీలో ఒంటరిగా కూర్చోబెట్టాం. మిగతా పిల్లలకు అంటకూడదని మా ఉద్దేశం. మూడో రోజు వాళ్ల అమ్మ బడికి వచ్చింది. బీడీలు చుట్టే మనిషి, ఒక పూట పని మానుకుని వచ్చింది. "మేడమ్, వారానికి రెండుసార్లు కుంకుడుకాయతో తల రుద్దుతాను. మేం పేదోళ్లమే గానీ మురికోళ్లం కాం" అంది. మాకు జవాబు తోచలేదు. పాప జడ విప్పి చూశాం. పట్టులా మెరుస్తున్న శుభ్రమైన జుట్టు. అందులోనే పేలు.

ఆ సాయంత్రం మాలో ఒకరికి అనుమానం వచ్చి, తరగతిలో ఎప్పుడూ ముందు బెంచీలో ఇస్త్రీ బట్టలతో కూర్చునే నలుగురు పిల్లల తలలు కూడా దువ్వి చూశారు. ముగ్గురికి ఉన్నాయి. ఆ మర్నాడు స్టాఫ్ రూములో మేమే ఒకరి తల ఒకరం చూసుకున్నాం. మాలో ఇద్దరికి ఉన్నాయి. ఆ పాపను వెనక బెంచీ నుంచి వెంటనే ముందుకు పిలిచామని వేరే చెప్పనక్కర లేదు.

పేనుకు మురికితో పని లేదు. దాని ఆహారం మనిషి రక్తం ఒక్కటే. రోజుకు కొన్నిసార్లు తల చర్మానికి నోరు ఆనించి కాస్త రక్తం పీల్చుకుంటుంది. నూనె, చుండ్రు, దుమ్ము, చెమట దానికి తిండి కావు. దాని ఆరు కాళ్ల చివర కొక్కెం లాంటి గోళ్లు వెంట్రుకను పట్టుకోవడానికి సరిగ్గా సరిపోతాయి. వెంట్రుక శుభ్రంగా ఉన్నా జిడ్డుగా ఉన్నా ఆ పట్టు సడలదు. తలస్నానంతో పోతాయనుకోవడం కూడా వట్టి మాటే. నీళ్లు తగలగానే పేను ఊపిరి తీసే రంధ్రాలు మూసుకుని కదలకుండా పడి ఉంటుంది. గంటల తరబడి నీటిలో ఉన్నా మళ్లీ తేరుకోగలదు. కాబట్టి కుంకుడుకాయ గానీ, ఖరీదైన మామూలు షాంపూ గానీ దాన్ని చంపలేవు.

మరి ఈ అపవాదు ఎక్కడిది? మనుషులకు పట్టే పేలలో ఇంకొక రకం ఉంది. అది బట్టల కుట్టుల్లో కాపురం ఉంటుంది. వారాల తరబడి బట్టలు మార్చుకోలేని, ఉతుక్కోలేని పరిస్థితుల్లో ఉన్నవారికి పడుతుంది. టైఫస్ వంటి జ్వరాలు మోసుకొచ్చేది ఆ బట్టల పేనే. దాని చెడ్డపేరు తల పేనుకు కూడా అంటుకుంది. తల పేను దురద పెడుతుంది, నిద్ర చెడగొడుతుంది. గోళ్లతో గీకితే పుండ్లు పడి చీము పట్టవచ్చు. అంతకు మించి అది రోగాలు మోయదు.

పేను ఎగరదు, గెంతదు. పాకుతుంది, అంతే. ఒక తలకు ఇంకొక తల ఆనినప్పుడు ఆ వెంట్రుక నుంచి ఈ వెంట్రుకకు దాటుతుంది. ఒకే పుస్తకం మీద ఇద్దరు వంగినప్పుడు, ఒకే చాప మీద పక్కపక్కన పడుకున్నప్పుడు, తోటి పిల్ల ఒడిలో తల పెట్టుకుని కబుర్లు చెప్పేటప్పుడు ఇది జరుగుతుంది. ఆడపిల్లల్లో ఎక్కువగా కనిపించడానికి ఈ దగ్గరితనమే ముఖ్య కారణం. తల మీది నుంచి రాలిన పేను రక్తం దొరక్క ఒకటి రెండు రోజుల్లో చస్తుంది. అందువల్ల దువ్వెనలు, టోపీలు, దుప్పట్ల ద్వారా పాకే అవకాశం ఉన్నా అది తక్కువ. తలకు స్కార్ఫ్ కట్టుకోవడం వల్లే మన పిల్లలకు పేలు పడతాయని బయట కొందరు అనడం విన్నాం. స్కార్ఫ్ పేలను పుట్టించదు, ఆపదు కూడా. కాకపోతే జుట్టు ఎవరి కంటా పడదు కాబట్టి ఆలస్యంగా బయటపడే అవకాశం ఉంది. ఇంట్లో అమ్మలు ఆ సంగతి గుర్తుంచుకుంటే చాలు.

ఇక షాంపూ ఎందుకు ఓడిపోయిందో చూద్దాం. దీనికి పేను జాతకం కొంచెం తెలియాలి. పెద్ద పేను నువ్వు గింజంత ఉంటుంది. ఆడది రోజుకు ఎనిమిది దాకా గుడ్లు పెట్టగలదు. వాటినే మనం ఈపులు అంటాం, కొన్ని ఊళ్లలో ఈర్లు అంటారు, ఉర్దూలో లీఖ్. ఒక్కొక్క ఈపిని తల చర్మానికి దగ్గరగా వెంట్రుకకు జిగురుతో అంటిస్తుంది. అది పొదగడానికి ఏడు నుంచి పది రోజులు పడుతుంది. బయటికి వచ్చిన పిల్ల పేను పెద్దదై గుడ్లు పెట్టే వయసుకు రావడానికి ఇంకొక తొమ్మిది నుంచి పన్నెండు రోజులు కావాలి.

మందుల దుకాణంలో దొరికే పేల మందుల్లో ఎక్కువగా వాడేది 1 శాతం పెర్మెత్రిన్. అది పేను నరాలను దెబ్బతీస్తుంది. కానీ ఈపి లోపల ఇంకా పెరుగుతున్న ప్రాణి మీద అది సరిగ్గా పనిచేయదు. అంటే మొదటి ఆదివారం పోసిన మందుకు తిరిగే పేలు చచ్చినా, ఈపులు క్షేమంగా ఉన్నాయి. అవి తర్వాతి వారంలో ఒకటొకటిగా పొదిగాయి. తొమ్మిదో రోజున రెండోసారి మందు పెట్టి ఉంటే ఆ పిల్ల పేలన్నీ గుడ్లు పెట్టే వయసు రాకముందే పోయేవి. మేము పెట్టలేదు. మా దగ్గర ఉన్నది తలకొక పొట్లమే.

ఆ పొట్లం కూడా సరిపోలేదు. భుజాల దాకా ఉన్న జుట్టుకు చాలే మందు నడుము దాకా ఉన్న దట్టమైన జుట్టుకు మొదళ్ల దాకా అందదు. ఇంకా రెండు తప్పులు చేశాం. పిల్లలు నూనె తలతోనే వచ్చారు, ఆ నూనె మీదే మందు రాయించాం. వెనక వరుస పెద్దది, నీళ్లు తక్కువ, అందుకని రెండు నిమిషాల్లో కడిగించేశాం. పెర్మెత్రిన్ తల మీద పది నిమిషాలు ఉండాలని పొట్లం మీద చిన్న అక్షరాల్లో రాసే ఉంది. చదివేవాళ్లమే మేము, చదవలేదు.

ఈ ఏడాది ఆ తప్పులు లేకుండా చేయాలనుకుని, ఆ వెనక బెంచీ పాప తలతోనే మొదలుపెట్టాం. వాళ్ల అమ్మ ఒప్పుకుని దగ్గరుండి చేయించింది. తల్లిదండ్రుల అనుమతి లేకుండా బడిలో ఏ పిల్ల తలకూ మందు రాయకూడదని కూడా అప్పుడే నియమం పెట్టుకున్నాం.

ఆదివారం ఉదయం మామూలు షాంపూతో తల కడిగి నూనె పోగొట్టాం. కండిషనర్ వాడలేదు. మందుకు ముందు అది రాస్తే వెంట్రుక మీద పొరలా నిలిచి మందును అడ్డుకుంటుంది. తువాలుతో తడి ఒత్తి, కళ్లకు బట్ట అడ్డం పెట్టి, చెవుల వెనక, మెడ పైభాగంలో మొదలుపెట్టి మొదళ్ల నుంచి కొసల దాకా మందు పట్టించాం. ఆ జడకు మందు ఎక్కువే పట్టింది. గడియారం చూసి పది నిమిషాలు ఆగి, పాపను బకెట్ మీదికి వంచి నీళ్లు పోశాం. ఒళ్లంతా మందు కారకుండా ఉండడానికే ఈ వంచడం. ఆ తర్వాత రెండు రోజులు తల రుద్దవద్దన్నాం. వెంట్రుక మీద మిగిలిన మందు ఇంకా కొంత పని చేస్తుంది.

అసలు పని దువ్వెనది. మన నానమ్మల కాలంలో కర్ర ఈరుపెనలు ఉండేవి, సన్నపళ్లవి. ఇప్పుడు లోహపు పళ్ల దువ్వెనలు వస్తున్నాయి. పళ్ల మధ్య సందు మిల్లీమీటరులో మూడో వంతు కన్నా తక్కువ ఉండాలి. అంత కొలవలేం కాబట్టి మేము ఒక ఉపాయం చేశాం. ఒక వెంట్రుక మీది ఈపిని పళ్ల మధ్యకు లాగి చూశాం. తట్టుకుని ఆగితే మంచి దువ్వెన, జారిపోతే కాదు.

పొడి జుట్టులో దువ్వితే పేలు పరుగెత్తి తప్పించుకుంటాయి. తడి జుట్టులో, జారుడుగా ఏదైనా రాసి ఉంటే, అవి కదల్లేక నిలబడిపోతాయి. మందు పెట్టని రోజుల్లో అందుకు కండిషనర్ బాగా పనికొస్తుంది. అది లేని ఇళ్లలో కొబ్బరినూనె వాడాం. ముందు వెడల్పు పళ్ల దువ్వెనతో చిక్కు తీసి, జుట్టును చిన్న చిన్న పాయలుగా విడదీయాలి. ఒక్కొక్క పాయలో పేల దువ్వెన పళ్లు తల చర్మానికి తగిలేలా ఆనించి, కొస దాకా ఒకే లాగు లాగాలి. ప్రతి లాగుకూ దువ్వెనను తెల్లబట్ట మీద తుడిచి చూడాలి. ఈ తుడవడం దగ్గరే అందరూ బద్ధకిస్తారు. తుడవకపోతే ఈ పాయలో దొరికింది తర్వాతి పాయలోకి వెళ్తుంది. తలంతా ఒకసారి అయ్యాక ఇంకోసారి దువ్వాలి. పొట్టి జుట్టుకు పది నిమిషాలు చాలు. ఈ పాపకు అరగంట పైనే పట్టింది.

ఆదివారం తర్వాత బుధవారం, శనివారం, మంగళవారం, శుక్రవారం, సోమవారం, గురువారం ఇలా మూడు రోజులకొకసారి దువ్వి, తెల్లబట్ట మీద ఏం పడిందో ఒక నోటు పుస్తకంలో రాశాం. బుధవారం ఒకటీ పడలేదు. శనివారం నాలుగు పడ్డాయి. మూడు చిన్నవి, లేత రంగువి. నాలుగోది మాత్రం పెద్దది.

ఆ పెద్దదాని దగ్గర మేము ఆగిపోయాం. చిన్నవి మిగిలిన ఈపుల నుంచి పొదిగినవే, అది అనుకున్నదే. కానీ మందు పెట్టి ఆరు రోజులే అయింది. ఆరు రోజుల్లో ఏ పిల్ల పేనూ అంత పెద్దది కాలేదు. అంటే రెండే దారులు. ఒకటి, అది ఆదివారం మందుకు చావకుండా మిగిలింది. రెండు, ఇంకొకరి తల నుంచి కొత్తగా వచ్చింది. మందు పని చేయకపోతే ఆ రోజే తెలిసేది. ఎనిమిది నుంచి పన్నెండు గంటల తర్వాత చూస్తే చచ్చినవి ఏవీ కనబడక, ఉన్నవి మునుపటిలాగే చురుగ్గా తిరుగుతూ ఉంటాయి. కొన్నిచోట్ల పేలు ఈ మందుకు అలవాటు పడిపోయాయి కూడా. అలాంటప్పుడు అదే మందు మళ్లీ మళ్లీ పోయకుండా డాక్టరును అడిగి వేరే మందు తీసుకోవాలి. ఈ పాప తలలో మాత్రం ఆ రాత్రి అన్నీ చచ్చే ఉన్నాయి, బుధవారం బట్ట కూడా ఖాళీగానే ఉంది. కాబట్టి వచ్చింది బయటి నుంచే.

రాత్రి ఎవరి పక్కన పడుకుంటావని పాపను అడిగాం. "నానీ పక్కన" అంది. ఆదివారం ఇంట్లో పిల్లలందరి తలలూ చూశారు గానీ, పెద్దావిడ తల చూడాలని ఎవరికీ తోచలేదు. ఆమెను పిలిపిస్తే నవ్వి, "నాకు దురదే లేదు బేటీ, నా తలలో ఎందుకుంటాయి?" అంది. దువ్వెన తీశాక చూస్తే ఆ నెరిసిన జుట్టు నుంచి ఒక్క లాగుకు మూడు పడ్డాయి. దురద అనేది పేను లాలాజలానికి మన ఒళ్లు చూపే ఎదురుచర్య. మొదటిసారి పేలు పట్టినవారికి దురద మొదలవడానికే నాలుగు నుంచి ఆరు వారాలు పట్టవచ్చు. కొందరికి ఎప్పటికీ రాదు. దురద లేదు కాబట్టి పేలు లేవనుకోవడం మురికి మాట తర్వాత మేము చూసిన రెండో పెద్ద పొరపాటు.

ఆ శనివారమే నానీకి మందు పెట్టాం. పాపకు తొమ్మిదో రోజైన మంగళవారం రెండోసారి పెట్టాం. ఆ రోజు దువ్వెనకు ఐదు పడ్డాయి, అన్నీ చిన్నవే. శుక్రవారం లేవు. సోమవారం లేవు. గురువారం లేవు. నానీకి ఆమె లెక్క ప్రకారం తొమ్మిదో రోజున, అంటే ఆ సోమవారం, రెండో విడత అయింది. ఇంట్లో అందరివీ ఒకే రోజు చూసి, ఉన్నవాళ్లందరికీ ఒకే రోజు మందు పెట్టి ఉంటే ఇంత దూరం వచ్చేది కాదు. గత రెండు రోజుల్లో వాడిన దిండుగలీబులు, స్కార్ఫులు వేడినీళ్లతో ఉతికి ఎండలో వేయమన్నాం. దువ్వెనలను బాగా వేడి నీళ్లలో పది నిమిషాలు ఉంచమన్నాం. ఇల్లంతా పురుగుమందు కొట్టే పని లేదు.

మందు అయ్యాక కూడా వెంట్రుకలకు తెల్లగా అంటి ఉన్న ఈపులు చూసి చాలామంది బెదిరిపోతారు. అవి చాలావరకు ఖాళీ పెంకులు. వెంట్రుక నెలకు సుమారు ఒక సెంటీమీటరు పెరుగుతుంది కాబట్టి, మొదలుకు దూరంగా ఉన్న ఈపి ఎప్పుడో పొదిగి పోయినదే అయి ఉంటుంది. మన వేడి ప్రాంతాల్లో ఈ కొలత అంత కచ్చితంగా నిలవదు, అందుకే మేము దూరాన్ని కాక కదిలే పేనునే గుర్తుగా తీసుకుంటాం. తిరిగే పేను కనబడితే మందు, ఈపులు మాత్రమే ఉంటే దువ్వెన. చుండ్రును ఈపులనుకునేవారు కూడా ఉన్నారు. గోటితో తడితే చుండ్రు రాలుతుంది, ఈపి రాలదు.

చేయకూడనివి కూడా చెప్పాలి, ఎందుకంటే మా పిల్లల ఇళ్లలో ఇవన్నీ చూశాం. కిరసనాయిలు చర్మాన్ని కాలుస్తుంది, పొయ్యి దగ్గరికి వెళ్తే ప్రాణమే తీస్తుంది. పొలం పురుగుమందు, బొద్దింకల సుద్దముక్క పొడి తలకు రాయడం విషం రాయడమే. సీతాఫలం గింజల పొడి మా పాలమూరు వైపు పాత అలవాటు. అది పేలను చంపుతుంది, నిజమే. కానీ కంట్లో పడితే నల్లగుడ్డు పై పొర దెబ్బతిని భరించలేని మంట, చూపు మసక వస్తాయి. ఆ పొడి రాసుకుని కళ్లు వాచి వచ్చిన పిల్లను మేము ఆసుపత్రికి తీసుకెళ్లాం. దుకాణంలో ఇంకొక తికమక ఉంది. గజ్జికి వాడే పెర్మెత్రిన్ క్రీము 5 శాతం, పేలకు వాడేది 1 శాతం. పేరు ఒకటే కావడంతో ఒకదానికి ఒకటి ఇచ్చేస్తారు. అంకె చదివి తీసుకోవాలి. రెండు నెలలలోపు పసివారికి ఈ మందు వాడకూడదు, దువ్వెన ఒక్కటే దారి. తల మీద చీము పుండ్లు ఉంటే ముందు డాక్టరుకు చూపించాలి.

మందు వద్దనే తల్లులకు వట్టి దువ్వెన పద్ధతి కూడా ఉంది. తడి జుట్టులో కండిషనర్ రాసి మొదటి, ఐదో, తొమ్మిదో, పదమూడో రోజుల్లో దువ్వి, పదిహేడో రోజున సరిచూసుకోవాలి. ఒక్క రోజు తప్పినా లెక్క చెడుతుంది. ఓపిక ఉన్న ఇంట్లోనే ఇది నిలుస్తుందని మా అనుభవం.

పిల్లలను బడి మాన్పించడం, విడిగా కూర్చోబెట్టడం మేము మానేశాం. పేను బయటపడే నాటికి అది ఆ తలలో చేరి చాలాసార్లు నెల దాటి ఉంటుంది. ఆ ఒక్క రోజు ఇంటికి పంపి కాపాడేది ఏమీ లేదు. అమెరికాలోని పిల్లల వైద్యుల సంఘం కూడా పేల కారణంగా ఏ పిల్లనూ తరగతికి దూరం చేయవద్దని 2022 నివేదికలో మరోసారి చెప్పింది. సిగ్గుతో దాచుకున్న ఇంటి నుంచే పేలు మళ్లీ మళ్లీ వస్తాయని మేము చూశాం. గుండు చేయిస్తే పేలు పోతాయి, కాదనం. పన్నెండేళ్ల ఆడపిల్లకు ఆ తర్వాత బడికి రావడం ఎంత కష్టమో కూడా మేము చూశాం.

దాతలకు మా విన్నపం ఇందులోనే ఉంది. ఈ ఏడాది షాంపూ పెట్టె పంపదలచినవారు తలకొక పొట్లం లెక్కన కాక, ఇంటికొక లోహపు దువ్వెన, పేలున్న ప్రతి తలకూ రెండు విడతల మందు, పొడవు జుట్టుకు రెట్టింపు లెక్కన పంపితే మాకు పనికొస్తుంది. డబ్బు చాలకపోతే మందు తగ్గించి దువ్వెనలు ఉంచండి. మంచి లోహపు దువ్వెన ఏళ్ల తరబడి ఉంటుంది, మందు రెండు వారాల్లో అయిపోతుంది.

ఆ పాప నానీ మొన్న బడికి వచ్చి, బడి దువ్వెన తనకు ఒక వారం ఇవ్వమని అడిగింది. ఎందుకంటే, పక్కింటి కోడలికి దురదగా ఉందట, సిగ్గుపడి చెప్పడం లేదట. దువ్వెనతో పాటు నోటు పుస్తకంలో ఒక కాగితం చించి రోజుల పట్టీ రాసి ఇచ్చాం. చదువు రాదంటే, తొమ్మిదో రోజు దగ్గర ఎర్ర సిరాతో గుండ్రంగా ఒక సున్న చుట్టాం.